లోపల లేని గుమ్మటం

మొన్న దసరాకి మా మనవరాలు నన్ను మా టాటానగర్‌లోని కద్మా నుంచి ఆటోలో కూర్చోబెట్టి సీతారాండేరా గ్రౌండుకి లాక్కుపోయింది, అక్కడ ఈసారి దుర్గమ్మ పందిరిని సాంచీ స్తూపంలా కట్టారట, చూడకపోతే నా హిస్టరీ టీచరు ఉద్యోగానికే అవమానమట. వెళ్లి చూద్దును కదా, నా గుండె ఒక్కసారి ఎగిరింది! తెల్లటి గుమ్మటం, నెత్తిన మూడు గొడుగులు, ముందు తోరణం, అన్నీ ఉన్నాయి. కానీ గుమ్మటం పొట్టలో ఇంత పెద్ద తలుపు కోసి, జనాన్ని వరసగా లోపలికి తోలుతున్నారు. నేను లైన్లో నిలబడిపోయి పకపకా నవ్వేశాను. వెనకవాళ్లు హిందీలో విసుక్కున్నారు. పిల్ల నా చెయ్యి లాగుతూ, "చలో నా అమ్మమ్మా, అందర్ జానా హై" అంది.

"దానికి అందర్ ఉండదే తల్లీ, లోపలే ఉండదు" అన్నాను.

ఆ మాట నోట్లోంచి రాగానే నాకు నాన్న గుర్తొచ్చారు. సరిగ్గా అదే గ్రౌండులో, నా ఇరవయ్యో ఏట, అదే మాట మా నాన్నతో అని చీవాట్లు తిన్నాను. మన వయసువాళ్లకి తప్ప ఆ రోజుల సంబరం ఇంకెవరికి చెప్పినా అర్థం కాదు కాబట్టి, మీకే చెబుతున్నాను.

మా నాన్న ఉక్కు కార్ఖానాలో ఫర్నేసు ఇటుక మేస్త్రీ. ఫర్నేసులోకి వేడిగాలి పంపే పెద్ద పెద్ద గొట్టపు కట్టడాలుంటాయి, వాటి నెత్తిన నిప్పుకి ఓర్చుకునే ఇటుకతో గుమ్మటం కట్టడం ఆయన పని. కింద చెక్క ఫర్మా పెట్టి, ఒక్కో ఇటుకా కోణం చూసి పేర్చుకుంటూ పైకి వెళ్లి, ఆఖరి ఇటుక బిగించాక ఫర్మా తీసేస్తే గుమ్మటం గాల్లో తనంతట తాను నిలబడుతుంది. ఆ ముచ్చట ఆయన అన్నం తింటూ చెబితే మేం చేతులు ఎండిపోయేదాకా వినేవాళ్లం. నేను బి.ఏ. ఆఖరి ఏడు. తరవాత రాంచీ వెళ్లి చరిత్రలో ఎం.ఏ. చదవాలని నాకు ప్రాణం. నాన్న ఒప్పుకోలేదు. రాళ్ల చదువు కూడు పెట్టదు, టైపు నేర్చుకో, ఈలోగా సంబంధం చూస్తాను అని తేల్చేశారు. అమ్మ ఆయన వైపే.

సరిగ్గా అప్పుడే మా కాలేజీ వాళ్లు మమ్మల్ని సాంచీ తీసుకెళ్లారు. అబ్బ, ఏం చెప్పమంటారు! కొండ మీద ఆ గుమ్మటాన్ని చూసినప్పటి నుంచీ నాకు నిద్ర లేదు. నోటుబుక్కు నిండా బొమ్మలు గీసుకుని వచ్చాను. అవి చూసి నాన్న ముచ్చటపడిపోయి, ఆ ఏడు మన తెలుగువాళ్ల వినాయక చవితి మండపం స్తూపంలాగే కడదామని పేటలో మాట ఇచ్చేశారు. ఏటా మండపం ఆయన చేతిమీదే. మర్నాడు గ్రౌండులోనే ప్లాను గీసి చూపించారు: గుమ్మటం, దానికి తలుపు, లోపల వినాయకుడు.

తలుపు ఉండదు నాన్నా, స్తూపానికి లోపలే ఉండదు అన్నాను. మహానుభావుల చితాభస్మమో ఎముక ముక్కో చిన్న భరిణెలో పెట్టి, దాన్ని మధ్యలో పాతి, పైన మట్టీ ఇటుకా దిబ్బగా పోసి మూసేస్తారు, సాంచీలో అశోకుడి నాటి ఇటుక స్తూపాన్ని కూడా చెక్కుచెదరకుండా లోపలే ఉంచి, తరవాతివాళ్లు చుట్టూ రాయి పేర్చి రెండింతలు చేశారు, అది గది కాదు, గుడి కాదు, చుట్టూ తిరగడానికే అని గుక్క తిప్పుకోకుండా చెప్పాను. నాన్నకి కోపం వచ్చింది.

"నాను ముప్పయ్యేళ్ల బట్టీ గుమ్మటాలు కట్టినోణ్ణి. లోపల ఖాళీ కోసమేగదే గుమ్మటం కడతారు? మట్టి కూరడానికి ఎవడైనా కడతాడేటే? ఇదేనేటి నీ సదువు!"

ఆ ఆఖరి మాట నాకు బాణంలా తగిలింది. నేను చెప్పింది తప్పని తేలితే రాంచీ మాట ఇక ఎత్తడానికే లేదు.

శ్రావణమాసంలో శ్రీకాకుళం దగ్గర పిన్నిగారి గృహప్రవేశం వచ్చింది. టాటానగర్‌లో రైలెక్కాం, ఖరగ్‌పూర్‌లో మారాం, దారి పొడుగునా నేను నాన్నతో మాట్లాడలేదు. గృహప్రవేశం అయిన మర్నాడు పిన్నిని బతిమాలి, ఆవిడ చేత చెప్పించి, నాన్నని శాలిహుండం కొండకి తీసుకెళ్లాను. వంశధార ఒడ్డున ఆ కొండ మీద పాత స్తూపాల పునాదులు ఉన్నాయని పుస్తకంలో చదివానే గాని నేనూ చూసింది లేదు. లోపల ఖాళీ గది కనిపిస్తే నా గతేమిటని కొండ ఎక్కుతున్నంతసేపూ భయమే.

పైన గుమ్మటాలన్నీ పోయి మొదళ్లు మిగిలాయి. ఒకచోట గుండ్రటి ఇటుక గోడ, మధ్యలో కుదురు, కుదురు నుంచి గుండ్రటి గోడ దాకా ఆకుల్లాగా ఇటుక గోడలు, అచ్చంగా బండిచక్రం నేల మీద పడుకోబెట్టినట్టు. నాన్న గొంతుక్కూర్చున్నారు. మూర పెట్టి ఇటుక కొలిచారు, గోరుతో అతుకు గీరారు. చక్రం చుట్టూ ఒకసారి తిరిగారు. మళ్లీ తిరిగారు. ఒక్కో అరా చూసి, దీనికి తలుపేది, దీనికి తలుపేది అని తనలో తనే అడుక్కుంటున్నారు. దేనికీ లేదు. ఉన్నట్టుండి లేచి, కొండంతా వినబడేలా అరిచారు.

"ఒలమ్మీ! ఇవి గదులు కావే! ఇందులో మట్టి పోసి దిమ్మిస కొట్టినారు! ఊరికే పోత్తే వానకి మట్టి ఉబ్బి బైటి గోడని తన్నేత్తాది, అందుకని ఈ ఆకులు కట్టి బరువు పంచేసినాడు. మేస్త్రీ అంటే ఆడే మేస్త్రీ!"

నేను గెలిచినందుకు కాదు, ఆయన ముఖం చూసి గంతులేశాను. కొండ దిగుతూ ఆయన నెమ్మదిగా, తను కట్టినవన్నీ నిప్పు పెట్టడానికి, ఇది నిప్పు ఆరిపోయాక మిగిలిన గుప్పెడు బుగ్గిని దాచడానికి, అని అన్నారు. రాంచీ మాట మాత్రం ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

తిరిగొచ్చాక మా పేటలో పెద్ద రగడ. తలుపు లేకపోతే దేవుడెక్కడ, దర్శనమెక్కడ అని అందరూ నాన్న మీద పడ్డారు. ఆయన నా వంక చూశారు. సలహా కోసం ఆయన కార్ఖానాలో ఎవరి వంకా అలా చూసి ఎరగరు. సాంచీలో తరవాతి కాలంవాళ్లు స్తూపం మొదట్లో, ఒక్కో తోరణానికి ఎదురుగా, బయటే బుద్ధ విగ్రహాలు కూర్చోబెట్టారని చెప్పాను. మన వినాయకుణ్ణీ అలాగే దక్షిణ తోరణానికి ఎదురుగా, గుమ్మటానికి వీపు ఆనించి కూర్చోబెడదామన్నాను. ఒప్పుకున్నారు!

ఇక చూడండి పని! కింద గుండ్రటి అరుగు, దాని మీద వెదురుబద్దల గుమ్మటం, దాన్ని అండం అంటారు, గోనెపట్టా కప్పి సున్నం పూత. నెత్తి చదునుగా ఉంచి చదరపు కంచె, దాన్ని హర్మిక అంటారు, అందులోంచి నిలువుగా స్తంభం, స్తంభానికి మూడు గొడుగులు. ఆ స్తంభం సరిగ్గా భరిణె మీదుగా లేవాలి, అదే మొత్తం కట్టడానికి ఇరుసు. అండం మూసేముందు నాన్న ఇంటికెళ్లి, శ్రీకాకుళం నుంచి కూలికొచ్చిన మా తాత వాడిన తాపీ, అరిగి అరచేయంత మిగిలినది, ఇత్తడి డబ్బాలో పెట్టి తెచ్చి, స్తంభం మొదట్లో ఉంచారు. ఆ పైన కప్పేశారు. అందులో ఏముందో మాకు తప్ప ఎవరికీ తెలియదు.

కంచె దగ్గర మావాళ్లు చేసిన ఘనకార్యం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వే. సాంచీ కంచె రాతిదే అయినా పనంతా వడ్రంగిది: నిలువు రాళ్లకి పక్కల తొలిచిన గుంటల్లో మూడేసి అడ్డరాళ్లు దూరతాయి, సూదుల్లా గుచ్చుతారు కనక వాటికి సూచులనే పేరు, పైన నిలువు రాళ్ల కొనల్లో చెక్కిన కుసుల మీద ఉష్ణీషమనే తలదిమ్మె కూర్చుంటుంది. మావాళ్లు నిలువు రాళ్లకి బదులు తెచ్చిన సాలుచెట్టు దుంగలన్నీ ముందే పాతేసి గట్టిగా మట్టి కొట్టేసి, తరవాత అడ్డచెక్కలు పట్టుకుని చూస్తే ఎక్కడ దూరుతాయి? ఒక దుంగ నిలిపి, చెక్కలు గుచ్చి, వాటి కొసలకి రెండో దుంగ తొడిగి, అలా పూసలు గుచ్చినట్టు రావాలని అరిచి, సగం మళ్లీ పీకించాను. అంతమంది మగాళ్లు నా మాట విని పీకడం నాకు మహా గర్వంగా ఉండింది.

తోరణాలు నాలుగూ ప్లైవుడ్డువే. రెండు చదరపు స్తంభాలు, వాటి నెత్తిన ఏనుగులు, పైన ఒకదానిమీద ఒకటి మూడు వంపు దూలాలు, కొసలు చుట్ట చుట్టుకుని. సాంచీలోలాగే వాటి మీద కథలన్నీ బుద్ధుడివే, తోరణాల కాలానికి ఇంకా ఆయన రూపం చెక్కేవారు కాదు కనక బుద్ధుడు మాత్రం ఎక్కడా కనిపించడు. బోధిచెట్టు, ఖాళీ ఆసనం, చక్రం, పాదాలు, రౌతు లేని గుర్రం మీద పట్టిన గొడుగు, అంతే. మా పెయింటరు, మనిషి లేకుండా గుర్రమేటమ్మా అని రెండు రోజులు గొణిగాడు. తోరణంలోంచి సూటిగా లోపలికి దారి ఉండదు, కంచె అక్కడ మడత పడి పక్కకి తిప్పుతుంది, తిరిగినవాడు ఎడమకి నడిచి, స్తూపం కుడిచేతి వైపు ఉండేలా ప్రదక్షిణం మొదలెట్టక తప్పదు. ఏటా చవితికి తోపులాటతో చచ్చే జనం ఆ ఏడు వాళ్లంతట వాళ్లే ఒక్క వరసలో తిరుగుతుంటే, పేట పెద్దలు నోళ్లు తెరిచారు.

సాంచీ కంచె మీద దాతల పేర్లు చెక్కి ఉంటాయి: భిక్షుణి ఫలానా దానం, వర్తకుడు ఫలానా దానం, ఫలానావాడి తల్లి దానం. అది విని నాన్న మా అడ్డచెక్కల మీద కూడా పని చేసినవాళ్ల పేర్లు రాయించారు. చవితి పొద్దున్న, సున్నం వాసన ఇంకా పోకముందే, నేను వాటిని చదువుకుంటూ తిరుగుతున్నాను. రైల్వే ఫిట్టరు దానం, వడ్రంగి దానం, గోనెలు కుట్టిన మామ్మ దానం. చుట్టంతా తిరిగి మళ్లీ దక్షిణ తోరణం దగ్గరికొచ్చాక ఆఖరి చెక్క మీద, "ఎం.ఏ. చదువుతున్న మేస్త్రీ గారి అమ్మాయి దానం" అని ఉంది.

తప్పు రాశావు, నేను ఎం.ఏ. చదవడం లేదు అని పెయింటరుతో అన్నాను. మీ నాన్నే రాయించినారమ్మా అని వాడు పైకి చూపించాడు. నాన్న నిచ్చెన మీద నుంచుని మూడో గొడుగు బిగిస్తున్నారు. నా వైపు తిరగనైనా తిరగలేదు.

"తప్పేటి లేదు. రాంచీ ఫారాలు ఎప్పుడిత్తారో కనుక్కో" అన్నారు.

నేను ఆ చెక్క పట్టుకుని, అందరూ చూస్తుండగా భోరుమని ఏడ్చాను.

మండపం విప్పాక ఆ చెక్కని నాన్న ఇంటికి తెచ్చి నా పుస్తకాలకి బల్ల చేశారు. క్వార్టరు ఖాళీ చేసిన హడావుడిలో అది ఎటుపోయిందో, ఎవరి పొయ్యిలో కాలిందో. నాన్న బుగ్గిని సువర్ణరేఖ నదిలో కలిపి కూడా చాలా ఏళ్లయింది. ఇప్పుడన్నిటికీ తలుపులు కావాలి, లోపల లైట్లు కావాలి, ఫోటో దిగడానికి చోటు కావాలి. కనబడనిదాని చుట్టూ ఊరికే తిరిగి రావడంలో ఒక సుఖం ఉండేది, అది ఎవరికీ అక్కర్లేకుండా పోయింది. తప్పు ఎవరిదనీ అనను, నాకు బెంగగా ఉంది అంతే.

మొన్న మేం లోపలికి వెళ్లలేదు. పిల్ల కాసేపు మూతి ముడిచింది గాని, నేను దాన్ని నా కుడిచేతి వైపు, స్తూపం పక్కన నడిపిస్తూ, వెదురుగడలూ కరెంటు తీగలూ దాటుకుంటూ ఆ గుమ్మటం చుట్టూ తిప్పుతూ ఇదంతా చెప్పాను. ఎప్పుడూ నాకు హిందీలో బదులిచ్చే పిల్ల, తిరగడం అయ్యాక తెలుగులో అడిగింది, నీ పేరు ఎక్కడ రాయించారు అమ్మమ్మా అని. దక్షిణం వైపు ఆ చోటు చూపించాను. అక్కడ ఏదో కోచింగ్ సెంటరు ఫ్లెక్సీ కట్టి ఉంది. పిల్ల ఆ ఫ్లెక్సీ కింద ఉత్త వెదురు మీద చెయ్యి పెట్టి, చాలాసేపు తీయలేదు.