ఇరవై రెండు ముక్కల దుప్పటి

బళ్లారి నుంచి కప్పగల్లు వైపు పోయే దారిలో, రేకుల కప్పు కింద ముప్పై కుట్టుమిషన్లు వానలా మోగుతుంటాయి. ఆ జీన్స్ యూనిట్‌లో స్టోరు తాళాలు మహాదేవి చేతిలో ఉండి తొమ్మిదేళ్లు. అంతకుముందు హగరి ఏటి అవతల చేలల్లో పత్తి తీసేది. ఇప్పటికీ ఆమె వేళ్లు ఊరకే ఉండవు. అప్పుడు వాటికి తెలుపు అంటేది, ఇప్పుడు నీలం అంటుతుంది. అంతే తేడా.

శనివారం మధ్యాహ్నం యజమాని ఈరేష్ ఒక బిల్లు పట్టుకుని స్టోరులోకి వచ్చాడు. బళ్లారి డీలరు పంపిన గుడ్డ బిల్లు. ఇరవై నాలుగు తానులు, రెండు వేల నాలుగు వందల మీటర్లు.

"ఏందక్కా ఇది? ఈడ ఇరవై రెండే ఉండాయి. రెండు తానులు యాడికి పోయినాయి?"

"వచ్చిందే ఇరవై రెండప్పా. మనం ఆర్డరు పెట్టిందీ అంతే."

"సరుకుతో వచ్చిన చలానా మీద ఇరవై నాలుగని ఉండాదే. కింద సంతకం ఎవురిది?"

సంతకం ఆమెదే. సిరుగుప్పకు పోవాల, బిన్నా పెట్టక్కా అని లారీ డ్రైవరు తొందరపెడితే, సరుకు దించకముందే పెట్టింది. తొమ్మిదేళ్లలో లెక్క ఎంచకుండా పెట్టిన సంతకం అదొక్కటే.

స్టోరు వాకిలి పక్కన కుట్టే యంకమ్మ మిషను ఆపకుండానే అంది: "తాను యాభై కిలోలుంటాదప్పా. అక్క ఏమన్నా కొంగులో మూటగట్టుకొని పోయిందా?"

ఎవరో నవ్వారు. ఈరేష్ నవ్వలేదు. "సోమవారం లోపల తేల్చక్కా. లేకుంటే తాళాలు ఈడ పెట్టు" అని వెళ్లిపోయాడు.

మహాదేవి చాలాసేపు తానుల మధ్య నిలబడింది. నిద్రపోతున్న ఏనుగుల్లా ఉన్నాయవి. తర్వాత వెనకవైపు తలుపు తీసింది. అక్కడ తీగ మీద దుప్పటి ఆరుతోంది.

కొత్త గుడ్డ వచ్చినప్పుడల్లా ఆమె చేసే పని అది. ప్రతి తాను కొస నుంచి జానెడు ముక్క కత్తిరించి, వెనక చెరగని ఇంకుతో తాను నంబరు రాసి, ముక్కలన్నీ ఒకదానికొకటి కుట్టించి ఉతికిస్తుంది. ఉతికాక ఏ తాను ఏ నీలమో తేలుతుంది. ఒకే రంగువి ఒక పక్కకు చేరుస్తారు. అలా చేయకపోతే ఒక ప్యాంటుకు రెండు కాళ్లు రెండు రంగులవుతాయి.

ఆమె ముక్కలు లెక్కపెట్టింది. తెల్లవారకముందరి నీలం, వాన ముసిరిన నీలం, పాత సిరా నీలం. ఇరవై రెండు. డీలరు ప్యాకింగ్ లిస్టు పక్కన పెట్టి నంబర్లు సరిచూసింది. పదిహేడు, పద్దెనిమిది లేవు.

కంప్యూటరు ముందు కూర్చుని డీలరుకు మెయిలు రాసింది.

"మా ఆర్డరు ఇరవై రెండు తానులకే. ఆర్డరు కాపీ జతచేశాను. మాకు చేరినవి ఇరవై రెండే. మీ బిల్లులో ఇరవై నాలుగు ఉన్నాయి. చలానా మీద సంతకం నాదే. ఎంచకుండా పెట్టాను, అది నా తప్పు. కానీ పదిహేడు, పద్దెనిమిది నంబర్ల తానులు మాకు రాలేదు. వచ్చిన ప్రతి తాను ముక్కా, దాని నంబరూ ఫోటోల్లో చూడండి. సరైన బిల్లు ఇలా ఉండాలి: ఇరవై రెండు తానులు, 2,200 మీటర్లు, మీటరుకు 185 రూపాయలు, ఐదు శాతం పన్నుతో కలిపి 4,27,350. మీ బిల్లుకూ దీనికీ తేడా 38,850."

నా తప్పు అన్న మాట దగ్గర ఆమె వేలు కాసేపు ఆగింది. తుడిచేయలేదు.

సోమవారం పొద్దున్నే డీలరు దగ్గర లెక్కలు రాసే తిప్పేశ్ ఫోన్ చేశాడు.

"సంతకం పెట్టి ఇప్పుడు లేదంటే ఎట్లక్కా?"

"సంతకం మనిషి పెట్టేది తిప్పేశప్పా, తొందరలో తప్పుతాది. గుడ్డకు తొందర యాడిది? మీ గోడౌన్‌కు పోయి పదిహేడో నంబరు చూసొచ్చి మాట్లాడు."

గంట తర్వాత మళ్లీ మోగింది. ఈసారి గొంతు తగ్గింది.

"రెండూ ఈడే ఉండాయక్కా. మీరు మొదట ఇరవై నాలుగుకు కదా రేటు అడిగింది? ఆ కొటేషన్ చూసి నేను బిల్లు, చలానా కొట్టినా. గోడౌన్‌ వాళ్లు మీ ఆర్డరు చూసి సరుకు ఎక్కించినారు. పాత బిల్లు పన్ను రిటర్నులో ఎక్కిపోయింది, మార్చేకి రాదు. రెండు తానుల దుడ్డు తగ్గించి క్రెడిట్ నోటు ఇస్తా."

"ఇయ్యి. దాని మీద పాత బిల్లు నంబరు, తేదీ ఎయ్యి."

"ఏస్తానక్కా. ఆ దుప్పటి మాకూ ఒకటి కుట్టియ్యరాదా?"

"మీకెందుకప్పా? మీరు ముందు ఎంచేది నేర్చుకోండి."

క్రెడిట్ నోటు సాయంత్రానికి వచ్చింది. ఈరేష్ దాన్ని రెండుసార్లు చదివాడు, తేడా తీసేసి మిగతా మొత్తానికి చెక్కు రాశాడు. మహాదేవి నడుమున తాళాలు నడిచినప్పుడల్లా మునుపటికంటే గట్టిగా మోగినట్టుంది.

పదిరోజులకు ఇంకో లారీ వచ్చింది. డ్రైవరు చలానా అందించాడు. "బిన్నా అక్కా, టైమ్ లేదు."

మహాదేవి పెన్ను కొప్పులో దోపుకుని, మొదటి తాను మీద చెయ్యి వేసింది. "ఒకటి."

డ్రైవరు గొణిగాడు. ఆఫీసులోంచి ఈరేష్ టీ గ్లాసుతో బయటికి వచ్చి అతని చేతిలో పెట్టాడు.

"కూర్చోప్పా. అక్క ఎంచేదాకా ఈడ ఎవురూ కదిలేది లేదు."

"రెండు" అంది మహాదేవి, వెనక్కి తిరగకుండానే.