చూడకుండా వేసిన నింద

ఛీ, ఆ రోజు గుర్తొస్తే నా మీద నాకే రోత పుడుతుంది.

బాన్సువాడలో ఒక రక్తపరీక్షల ల్యాబ్‌కు కంప్యూటర్లు చూసేది నేనే. ల్యాబ్‌లో ఉన్నది విండోస్, నా దుకాణంలో ఉన్నది లినక్స్. పాస్‌వర్డ్ కొట్టే పని లేకుండా నా కీని, అంటే నా కంప్యూటర్‌ను గుర్తుపట్టే సంకేతాన్ని, ల్యాబ్ ఖాతాలోని authorized_keys ఫైల్లో పెట్టుకుని, రోజూ ఎస్‌ఎస్‌హెచ్‌తో దూరం నుంచే ల్యాబ్ కంప్యూటర్‌లోకి పోయి రిపోర్టుల నకలు తెచ్చుకునేవాణ్ణి.

ఒక పొద్దున కీ పని చేయలేదు, పాస్‌వర్డ్ అడిగింది. ల్యాబ్ కంప్యూటర్ ముందు కూర్చునేది ఒక్కామే. బీర్కూర్ నుంచి బస్సులో వచ్చే ఒకింటి కోడలు, నన్ను అన్నా అని పిలిచేది. నేను లోపలికి పోయి చూడనైనా లేదు, ల్యాబ్ యజమానికి ఫోన్ కొట్టాను.

"సేటూ, నా కీ ఎవరో తీసేసిన్రు. ఆమె తప్ప ఇంకెవరు ముట్టుకుంటరు?"

మధ్యాహ్నానికల్లా ఆయన ఆమెను మాన్పించాడు. రిపోర్టులు బయటికి పంపుతోందని నింద కూడా వేశాడు.

తెల్లారి పాస్‌వర్డ్‌తోనే లోపలికి పోయాను. కీ ఫైల్ చూద్దామని, లినక్స్ అలవాటుకొద్దీ cat అని కొట్టాను. అలాంటి కమాండే లేదంది. మనం మార్చకపోతే విండోస్ ఇచ్చేది పాత సీఎండీ తెరే, అందులో లినక్స్ మాటలు చెల్లవు. type అని కొట్టి ఫైల్ చూశాను. నా కీ ఉన్నచోటే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు.

మరి నన్ను ఎందుకు రానీయలేదు? అడ్మినిస్ట్రేటర్ల, అంటే పూర్తి అధికారం ఉన్న ఖాతాల, జాబితా తీస్తే అందులో ల్యాబ్ ఖాతా కొత్తగా చేరి ఉంది. ఒక ఖాతా ఆ గుంపులో చేరిందంటే, ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ ఆ ఖాతా సొంత ఫోల్డర్‌లోని కీని చూడనే చూడదు. ProgramData కింద ssh ఫోల్డర్‌లో administrators_authorized_keys అనే ఫైల్ ఉంటుంది, దాన్నే చూస్తుంది. కీ అందులో వేసి, అడ్మినిస్ట్రేటర్లకూ సిస్టమ్‌కూ తప్ప ఎవరికీ అనుమతి లేకుండా చేశాను. వెంటనే తెరుచుకుంది. ఐదు నిమిషాల పని!

సేటు దగ్గరికి ఉరికి సంగతి చెప్పాను.

"గా ఖాతా మార్చింది నేనే," అన్నాడు చాయ్ తాగుతూ. "ప్రింటర్ ఎక్కిద్దామంటే ఊకె పర్మిషన్ అడుగుతుండె. అయితే ఏంది?"

"అయితే ఆమె తప్పేం లేదు గద సేటూ!"

"అయ్యిందేదో అయ్యింది. ఇగ ఇడువు."

తూ! ఆ చాయ్ గ్లాసు ముఖాన కొట్టాలనిపించింది. కానీ నింద మొదలైంది నా నోటి నుంచే కదా, ఏ ముఖం పెట్టుకుని కొట్టాలి? బయటికొచ్చి ఆమెకు ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పాను.

అంతా విని ఆమె అంది:

"నాకు చెప్తే ఏం ఫాయిదా అన్నా? దొంగతనం చేసినవని మా అత్త నన్ను గడప దాటనిస్తలేదు. జర మా ఇంటికొచ్చి గీ మాటే ఆమెకు చెప్పు."

వస్తానన్నాను. బీర్కూర్ బస్సు రోజూ నా దుకాణం ముందు నుంచే పోతుంది. నేను ఇంతవరకు ఎక్కలేదు.