నీళ్ల మిషను, భాయ్ సంచి

గల్ఫ్‌లోని రైసూత్‌లో మా ఫ్యాక్టరీ ఆఫీసులో, నీళ్ల సీసాను తలకిందులుగా నిలబెట్టే మిషను ఒకటి ఉండేది. మూడు రోజులు రావాల్సిన సీసా రెండు రోజులకే ఖాళీ అవుతోందని మేనేజరుకు అనుమానం పట్టుకుంది. అది నేరుగా టీలు పెట్టే కడప భాయ్ మీదకు పోయింది. నీళ్లు మేమంతా ఉండే లేబర్ క్యాంపుకు మోస్తున్నాడని తేలితే ఇంటికి పంపించేస్తానన్నాడు. కనిపెట్టే పని, పైపు ఫిట్టర్‌నైన నాకు అప్పజెప్పాడు.

నాకూ భాయ్ మీద నమ్మకం లేదు. అందరికన్నా ముందొచ్చి ఒక్కడే ఏం చేస్తాడు? ఒకరోజు వెనకాలే వెళ్లాను. మిషను దగ్గర మోకాళ్ల మీద కూర్చుని నేల తుడుస్తున్నాడు. నన్ను చూసి గుడ్డ వెనక్కి దాచాడు. దొంగ దొరికాడనుకున్నాను. మధ్యాహ్నం ఆయన నమాజుకు వెళ్లగానే సంచి విప్పి చూశాను. ఒక లుంగీ, ఖర్జూరాల డబ్బా, ఒక చిన్న సీసా. మూత తీసి వాసన చూశాను. కొబ్బరినూనె. అడుగుల చప్పుడు వినిపించి, మూత వదులుగానే పెట్టి సంచిలో పడేశాను.

అయినా నా అనుమానం చావలేదు. గురువారం సాయంత్రం సీసా మీద నీటిమట్టం దగ్గర గీత గీసి, ఆఫీసుకు తాళం వేసి, తాళంచెవి నేనే పెట్టుకున్నాను. శుక్రవారం సెలవు. శనివారం భాయ్ కంటే ముందొచ్చి తలుపు తీస్తే నేలంతా నీళ్లు. సీసాలో నీళ్లు గీత కంటే జానెడు కిందికి దిగాయి.

ప్లగ్గు పీకి సీసా దించాను. కుళాయి వదులై ఊగుతోంది. కింది ట్రే నిండి ముందు నుంచి పొర్లుతోంది. ట్రే పారబోసి, అంతా పొడిగా తుడిచి, మిషను కింద పేపరు పరిచాను. కాసేపటికి కుళాయి కింద పెట్టిన గ్లాసులో నాలుగు చుక్కలే పడ్డాయి. పేపరు మాత్రం అడుగు నుంచి తడిసిపోయింది. పైమూత తీసి లోపలి తొట్టి బయటికి లాగాను. కుళాయి దూరే రంధ్రం దగ్గర మొదలై వెంట్రుకంత పగులు. పగులు నుంచి కారి తొట్టిలో నీళ్లు తగ్గినప్పుడల్లా, పైసీసా మళ్లీ నింపుతోంది.

కుళాయి నట్టు మీద నా పానా పళ్ల గుర్తులున్నాయి. నెల కిందట వదులైందంటే ఇనుప పైపుకు బిగించినట్టు బిగించింది నేనే. ప్లాస్టిక్కు అంత బలానికి ఆగదు.

మేనేజరుకు ఉన్నదున్నట్టు చెప్పాను. నన్ను తిట్టి, కొత్త తొట్టి తెప్పించాడు. భాయ్ ఉద్యోగం నిలబడింది.

వంటగదిలోకి వెళ్లి, "భాయ్, కారుతున్నదని నాకెందుకు చెప్పలె?" అన్నాను.

"నట్టు మీద నీ పానా గుర్తులు చూసినా నాయనా. చెప్తే నీ మీదికి వస్తాదని రోజూ తుడిచేస్తాంటి. నువ్వడిగింటే నీకు మాత్రం చెప్పేవాణ్ణి."

టీ గ్లాసు నా చేతికిచ్చాడు.

"నువ్వు అడగలేదు. నా సంచి చూసినావు."