శనివారం జీతాలు ఏ పద్దులో వేయాలి

"మూడు వందలకి ఇవ్వలేమండి. మూడు వందల డెబ్బైకైతే ఇస్తాం."

మేనేజరమ్మాయి ఫోన్లో ఆ మాట అనేసరికి గదిలో లేసు అల్లుతున్న ఆడవాళ్ల చేతులు ఆగాయి. అవతల ఉన్న హైదరాబాద్ దుకాణదారు ఆలోచించి చెబుతానని పెట్టేశాడు. వాళ్ల లేసు సంఘం అధ్యక్షురాలు, అరవై దాటిన మనిషి, మళ్లీ సూది అందుకుంటూ, "వారం కిందట మూడు వందలకి గంతులేసింది ఈ అమ్మాయేనండి," అంది నాతో. అందరూ నవ్వారు, ఆ అమ్మాయితో సహా.

మొగల్తూరు దగ్గర కాలవ గట్టు మీద రెండు గదుల అద్దె ఇల్లు వాళ్ల కార్యాలయం. పేపరు ఉద్యోగం మానేశాక నేను అప్పుడప్పుడూ అక్కడికి వెళ్లి కూర్చుంటాను. గాలి బాగుంటుంది, టీ ఇంకా బాగుంటుంది. సాయం చేస్తున్న సంస్థ మార్చితో ఆపేస్తుంది. ఆ తర్వాత సొంత కాళ్ల మీద ఎలా నడుస్తారో చూపిస్తూ బడ్జెట్ పంపమంది. లెక్కలు ఆ అమ్మాయివి, వాటిని వివరిస్తూ రాయడం నా పని.

వాళ్లు అమ్మేది టేబుల్ మీద పరిచే లేసు పట్టీ. ధర నాలుగు వందలు, నెలకి రెండు వందల నలభై అమ్ముడుపోతాయి. రెండు వందల యాభై ఎనిమిది అమ్మితే లాభనష్టాలు లేకుండా బయటపడతామని ఆమె లెక్క. అంటే ఇంకో పద్దెనిమిది చాలు. దానికి తోడు హైదరాబాద్ నుంచి నెలకి వంద కావాలని బేరం వచ్చింది, మూడు వందల చొప్పున. దారం, ప్యాకింగు లాంటి, పట్టీల సంఖ్యతో మారే ఖర్చు ఒక్కోదానికి నూట ఇరవయ్యే కాబట్టి పద్దెనిమిది వేలు మిగులుతాయని ఆమె సంబరపడింది.

నేను విలేకరి అలవాటు కొద్దీ అడిగాను: ముసురు పట్టి నెలంతా ఒక్క పట్టీ తయారవకపోతే చేతి నుంచి ఎంత పోతుంది? ఆమె వేళ్ల మీద చెప్పసాగింది. అద్దె ఆరు వేలు, తన జీతం పదిహేను వేలు, కరెంటు, నెట్టు, ఆడిటరు కలిపి మూడు వేలు, అల్లేవాళ్ల జీతాలు నలభై ఎనిమిది వేలు... అక్కడ ఆగిపోయింది.

"అల్లకపోతే వాళ్లకి ఇవ్వం కదండీ," అంది నెమ్మదిగా.

పొరపాటు ఎక్కడిదో అప్పుడు అర్థమైంది. పూర్వం ఏజెంట్లు ఇంటికి దారం ఇచ్చి, లేసు పట్టుకెళ్లి, తోచినంత కూలి చేతిలో పెట్టేవారు. సంఘం పెట్టుకున్న రోజున వీళ్లు చేసిన మొదటి తీర్మానం, ఇకనుంచి దాన్ని కూలి అనకూడదని. ప్రతి శనివారం పట్టీకి రెండు వందల చొప్పున అందుకుంటారు, జీతం అంటారు. ఆ అలవాటులోనే ఆమె ఆ డబ్బుని తన జీతం పక్కన, స్థిర ఖర్చుల్లో కలిపేసింది.

దాన్ని తీసి పట్టీ ఖర్చులో వేశాం. దారం తొంభై, అల్లిక రెండు వందలు, ఉతికి గంజి పెట్టి ఇస్త్రీ చేయడానికి ఇరవై, ప్యాకింగు పది. మొత్తం మూడు వందల ఇరవై. నాలుగు వందలకి అమ్మితే మిగిలేది ఎనభై. స్థిర ఖర్చు ఇరవై నాలుగు వేలు పూడాలంటే మూడు వందల పట్టీలు అమ్ముడుపోవాలి. ఇప్పుడు నెలనెలా నాలుగు వేల ఎనిమిది వందలు లోటు. ఇక మూడు వందలకి ఇస్తే ప్రతి పట్టీ మీదా ఇరవై రూపాయలు మనమే ఎదురివ్వాలి.

మర్నాడు ఆ అమ్మాయి ఉన్నదున్నట్టు అందరికీ చెప్పింది. ఆ బేరం కావాలంటే అల్లిక రేటు తగ్గించడం తప్ప దారి కనబడడం లేదంది, తల వంచుకుని.

"తగ్గించడానికైతే ఏజెంటు ఉన్నాడుగా అమ్మాయ్," అంది అధ్యక్షురాలు. "మధ్యలో మనకి ఈ అద్దె గదెందుకు, నువ్వెందుకు?"

"అదే నేనూ అనుకుంటున్నాను పిన్నిగారూ," అంది ఆ అమ్మాయి.

అల్లికకిచ్చే రెండు వందలని కదపకుండా మళ్లీ లెక్క కట్టారు. ఒకే రకం, ఒకేచోటికి, నెలనెలా వంద పట్టీలు కాబట్టి ధర కొంత దిగవచ్చు. మూడు వందల డెబ్బైకి ఇస్తే పట్టీకి యాభై, వందకి ఐదు వేలు. లోటు పూడి రెండు వందలు మిగులుతాయి.

"టీ ఖర్చు," అందొకామె. "పేపరు బాబుగారు రోజూ రాకపోతే."

నేను గ్లాసు కింద పెట్టాను. మళ్లీ నింపింది.

అలా వచ్చింది ఆ మూడు వందల డెబ్బై. బడ్జెట్ పంపేశాం. అల్లిక అందులో పట్టీ ఖర్చు కింద ఉంది, శనివారం అందుకునేదాన్ని మాత్రం ఇప్పటికీ జీతమే అంటారు. హైదరాబాద్ దుకాణదారు ఇంకా ఫోన్ చేయలేదు.