బంగారు రంగు ‘అల’

మా బడి పత్రికలో శీర్షికలకు ఫాంటు ఎంచుకున్న ఆ మధ్యాహ్నం గుర్తొస్తే నాకు ఇప్పటికీ రోత పుడుతుంది. ఎంచుకున్నది ముగ్గురం: హెడ్మాస్టరు గారు, డ్రాయింగు మాస్టారు, తెలుగు చెప్పే నేను.

ఏలూరులో డీటీపీ షాపు నడిపే సాయిబు గారు ఆరు ఫాంట్ల నమూనాలు ఫొటోలుగా వాట్సాప్‌లో పంపారు. ఆరింటిలోనూ ఒకటే శీర్షిక, ఒకటే సైజు, తెలుపు మీద నలుపు. పోల్చుకోవడానికి అంతకంటే నిజాయితీగా ఎవరు చూపిస్తారు? మా వాళ్ళకు అదే నచ్చలేదు.

“అన్నీ ఒకేలా ఉన్నాయి కదండీ,” అన్నారు హెడ్మాస్టరు గారు. నెట్లో దొరికిన బొమ్మ ఒకటి తన ఫోన్లో చూపించారు. ‘అల’ అని రెండే అక్షరాలు, బంగారు రంగు, వెనక నీడ. రెండే కాబట్టి తెరంతా నిండిపోయాయి. “చూడండి, ఎంత పెద్దగా ఉందో.” ఆ మెరుపు నాకు ఎబ్బెట్టుగా తోచింది. డ్రాయింగు మాస్టారు మాత్రం అదిరిందన్నారు.

ఆ ఫాంటే కావాలని బొమ్మ పంపితే, సాయిబు గారు ఫోన్లో ఓపిగ్గా చెప్పారు. “లోపలి పేజీలు నలుపేనండీ. ఆ రంగూ నీడా ఫాంటువి కావు. ఆ బొమ్మలో ఒక్క వత్తు కూడా లేదు, చూశారాండీ? ఈ ఫాంటుకి వత్తులు బాగా కిందికి దిగుతాయి. మీ శీర్షికలే పెట్టి పంపుతాను, చూసి చెప్పండి.”

పంపారు. కొల్లేటి ఊళ్ళ నుంచి వచ్చే ఏడో తరగతి పిల్ల రాసిన వ్యాసం శీర్షిక కూడా అందులో ఉంది, రెండు వరసల్లో. పై వరసలో ‘కొల్లేటి గట్టున’, కింద ‘నాన్న వల’. పై వరస వత్తులు కిందికి దిగి ఒకటి నాన్న మీద, ఒకటి వల మీద కూర్చున్నాయి. వరసల మధ్య ఖాళీ పెంచితే సరిపోతుందని, కాకపోతే పేజీలు పెరుగుతాయని సాయిబు గారు అన్నారు. పేజీలు పెంచడానికి వీల్లేదన్నారు హెడ్మాస్టరు గారు.

ఆ పిల్ల తండ్రికి పెద్దక్షరాలైతేనే కూడబలుక్కుని చదవడం వచ్చు. శీర్షిక ఆయన చేతే చదివించాలని ఆ పిల్ల రోజూ నన్ను పత్రిక ఎప్పుడొస్తుందని అడిగేది. అదంతా నాకు తెలుసు. “మేడం గారూ, మీరేమంటారండీ?” అని సాయిబు గారు నన్ను విడిగా అడిగారు కూడా. హెడ్మాస్టరు గారితో తగవెందుకని ‘బాగుంది’ అని టైపు చేసి పంపాను. ఆ బంగారు బొమ్మ కంటే నా వేళ్ళ మీదే నాకు ఎక్కువ అసహ్యం.

పత్రిక పంచిన మర్నాడు ఆ పిల్లను అడిగాను, నాన్న చదివారా అని.

“మొదటి వరస చదివారండీ,” అంది తల దించుకుని. “కిందది సిరా ఒలికిందేమో అన్నారండీ.”