సగం గడ్డి ఇవ్వనన్న మా అమ్మ

మా అన్నయ్యను ఈ సంగతి ఎదురుగా అడిగాను. ఉత్తరం రాసి అడిగాను. ఇంతవరకూ ఉలకలేదు. చిన్నప్పటినుంచీ నా మాట ఆయన చెవికెక్కదు. అందుకే నలుగురూ చదివేచోట రాస్తున్నాను.

దివిసీమలో మేము ఆరెకరాలు కౌలుకు చేసేవాళ్ళం. భూమి బందరులో ఉండే ఒక ఆసామిది. ఎకరానికి అయిదు బస్తాల ధాన్యం ఆయనకు కొలిచేవాళ్ళం. గడ్డి అంతా మాది. గడువు ముగిసిన ఏడు, నూర్పిళ్ళు కాగానే ఆయన గుమాస్తా రేవు దాటి వచ్చి, మా అరుగు మీద కూర్చుని ఉత్తరం చదివాడు. కౌలు మరో మూడేళ్ళు పొడిగిస్తారట. ఇకమీదట ఎకరానికి అయిదున్నర బస్తాలు, పైగా గడ్డిలో సగం. ఉగాదిలోగా ఒప్పుకోకపోతే భూమి వేరేవాళ్ళకు ఇస్తారట. అది పోతే మాకు కూలికి వెళ్ళడమే గతి.

కౌలు పొడిగిస్తారన్న మాటకే నాన్న ముఖం తేటపడింది. "గడ్డిదేముందండీ, పట్టుకెళ్ళమనండి. ఆ అరబస్తా మాత్రం కాస్త చూడమనండి" అన్నాడు.

తలుపు వెనకనుంచి అమ్మ గుమాస్తాతో అంది: "అన్నయ్యగారూ, అరబస్తా కాదు, బస్తా పెంచుకోమనండి. గడ్డి మాత్రం పరకైనా ఇవ్వం."

గుమాస్తా నవ్వాడు. "బేరం తెలీదేంటమ్మా నీకు? అడిగినదానికి రెట్టింపు ఇస్తానంటావు."

"నువ్వు లోపలికెళ్ళు" అన్నాడు నాన్న. ఆమె వెళ్ళలేదు.

"గింజలు చాలకపోతే ఎవరింటికైనా వెళ్ళి అడుగుతాను. ఎండాకాలం ఎద్దులకి గడ్డి చాలకపోతే ఎవరిస్తారండీ? ఎవరి వామి వాళ్ళకే చాలదు. ఎద్దుల్ని అమ్ముకుంటాం. కాలవకి నీళ్ళొచ్చాక అద్దె అరక కోసం తిరుగుతాం. ఊరందరి దమ్ము దున్నకాలూ అయ్యాక మాకు దొరుకుతుంది. ముదురు నారు నాటి, ఆయనకేం కొలుస్తాం? ఇలాగే చెప్పండి. మీరేమీ కలపకండి."

"కలిపితే నా కొలువుంటుందా తల్లీ" అంటూ గుమాస్తా లేచాడు.

తరవాత నాన్న ఆమెతో మాట్లాడలేదు. ఆమె మాత్రం రోజూలాగే ఎద్దులకు గడ్డి వేసింది. మా గాదెలో ఎంత ధాన్యముందో ఆమెకు తెలుసు. తన కంచంలో తగ్గేది తెలిసే, ఎద్దుల మేత నిలుపుకోవడానికి అడగని అరబస్తా కూడా ఇస్తానంది. అంత నిబ్బరం నేను మరెవరిలోనూ చూడలేదు.

ఉగాదికి ముందే గుమాస్తా తిరిగొచ్చాడు. అమ్మ మాటలు విన్నాక ఆసామి అయిదున్నర బస్తాలే చాలన్నారు, గడ్డి షరతు కొట్టేశారు. నాన్న కౌలు కాగితం మీద వేలిముద్ర వేశాడు.

నిరుడు గుడివాడలో అన్నయ్య గృహప్రవేశం. భోజనాల బంతిలో ఆయన ఈ కథే చెప్పాడు: "మా నాన్న ఒక్కమాటతో గడ్డి దక్కించాడు." "ఆ మాట అమ్మది" అన్నాను నేను. "వాడికి పెరుగు వడ్డించండ్రా" అన్నాడు. బంతంతా నవ్వింది.

అన్నయ్యా, ఆ రోజు నువ్వు నాన్న పక్కనే ఉన్నావు. ఆ మాట ఎవరన్నారు? ఇప్పటికైనా జవాబు చెప్పు.