కారణం రాసే గడి

బర్మాలో, చౌక్తడా పేటలో ఉన్న మా సరుకు రవాణా ఆఫీసులో ఎగుమతి కాగితాల విభాగం నాది. ఓడ కంపెనీ పెట్టిన గడువులోగా సరుకు వివరాలు పంపకపోతే కంటెయినర్ ఆ ఓడ ఎక్కదు. ఆ పని చేసేది మా తెలుగమ్మాయే, రేవులో మూటలు మోసినవాడి మనవరాలు. ఒకే నెలలో ఏడు ఫైళ్లు ఆలస్యం చేసింది. మేనేజరు తీసేద్దామన్నాడు. కంపెనీ పద్ధతి ప్రకారం ముందు రెండు నెలల మెరుగుదల ప్లాన్ రాసివ్వాలి. అందులోనూ తప్పితే ఉద్యోగం పోతుంది.

పది నిమిషాల్లో రాసేశాను: నిర్లక్ష్యం ఎక్కువ, బాధ్యత తక్కువ, వేగం పెంచుకోవాలి. హెచ్ఆర్ చూసే బర్మా ఆవిడ చదివి నవ్వుతూనే వెనక్కి ఇచ్చింది. ఏ ఫైలు, గడువెప్పుడు, వెళ్లిందెప్పుడు, అవి రాయమంది. నిర్లక్ష్యాన్ని ఎలా కొలుస్తారని అడిగింది. నాకు ఒళ్లు మండింది.

ఈమెయిళ్లు తవ్వి పట్టీ వేశాను. నాలుగింట్లో తప్పు ఆ అమ్మాయిదే: కస్టమర్ సరుకు బరువు కాగితం పంపకపోతే రెండోసారి అడగలేదు. మిగతా మూడూ వేళకే తయారుచేసింది. నేను సరిచూడాల్సినవి, నా బల్ల మీదే పడి ఉన్నాయి.

పిలిచి, ఎందుకు చెప్పలేదని అడిగాను.

"పెద్దోలని మల్లీ మల్లీ ఏటడుగుతామక్కా, అనాదే కదా," అంది.

ఎదుటివాళ్లని ఇబ్బంది పెట్టకూడదనే మొహమాటాన్ని ఇక్కడ బర్మా మాటలో అనాదే అంటారు. ఇన్నాళ్లూ దాన్ని మర్యాద అనుకుని నేను సుఖపడ్డాను.

మళ్లీ రాశాను. పది ఫైళ్లలో తొమ్మిది గడువులోగా వెళ్లాలి. ప్రతిదీ గడువుకి నాలుగు గంటల ముందే నా దగ్గరికి రావాలి. కాగితం అందకపోతే ముందురోజు మధ్యాహ్నంలోగా కస్టమర్‌కీ నాకూ ఈమెయిల్ పెట్టాలి. ఏది తప్పినా పట్టీలో కారణం గడి నింపాలి. నేను గంటలో సరిచూసి ఇవ్వాలి. ప్రతి శుక్రవారం ఇద్దరం కూర్చుని పట్టీ చూసుకోవాలి. పాత ఆలస్యాల్లో మూడు నావని కూడా రాశాను. అది రాయడానికి సిగ్గేసింది.

మొదటి రెండు వారాలూ కారణం గడి ఖాళీ. ఖాళీగా వదిలితే తప్పు నీ ఖాతాలోనే పడుతుందని చెప్పాను. మూడో వారంనుంచి కస్టమర్లకి ఈమెయిళ్లు వెళ్లడం మొదలైంది, ఫైళ్లూ కదిలాయి.

చివరి శుక్రవారానికి లెక్క అంచు మీదుంది. ఆ వారం తప్పిన ఒక్క ఫైలు ఆమె మీద పడితే లక్ష్యం పోతుంది. కుడి మోచేతికి ఎడమచెయ్యి ఆనించి, పెద్దవాళ్లకిచ్చినట్టే పట్టీ నా చేతికిచ్చింది. గడిలో నింపి ఉంది: అక్క సరిచూడటానికి నాలుగు గంటలు పట్టింది.

"రాయమన్నారు కదక్కా, రాసినాను," అంది.

నిజమే. ఆ మధ్యాహ్నం నేను ఫోన్లో కబుర్లాడుతున్నాను. కింద సంతకం పెట్టి నేనే మేనేజరుకి ఇచ్చాను. ఆ అమ్మాయి ఉద్యోగం నిలిచింది.

సోమవారం హెచ్ఆర్ ఆవిడ అలాంటి పట్టీయే ఇంకొకటి పంపింది, ఈసారి నా పేరుతో.